లోపనిర్ధారణ పూర్వ పరీక్ష

కోర్సు మొదలయ్యేటప్పుడు, పాఠం ఇంకా చెప్పకముందే, విద్యార్థికి ఆ విషయంలో ముందుగా ఏం తెలుసో, ఏం తెలియదో, ఏది తప్పుగా తెలుసో కనిపెట్టడానికి పెట్టే పరీక్షను లోపనిర్ధారణ పూర్వ పరీక్ష అంటారు. దీనికి మార్కులు వేసినా అవి ఫలితాల్లో కలపరు. ఎవరిని చేర్చుకోవాలో తేల్చే ప్రవేశ పరీక్ష వేరు, ఎంత నేర్చుకున్నారో చూసే సంవత్సరాంత పరీక్ష వేరు. ఈ పరీక్ష చరిత్ర చాలావరకు తప్పు జవాబుల చరిత్రే. తప్పు జవాబును సున్నా వేసి వదిలేయకుండా, దాన్నే సమాచారంగా చదవడం ఎలాగో ఉపాధ్యాయులు నేర్చుకున్న క్రమం ఇందులో కనిపిస్తుంది.

అమెరికాలో జి.టి. బస్‌వెల్, లెనోర్ జాన్ 1926లో అంకగణితం మీద వెలువరించిన అధ్యయనాన్ని తొలి మైలురాళ్లలో ఒకటిగా చెప్పుకోవచ్చు. వాళ్లు పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, లెక్క చేస్తూ పైకి చెప్పమన్నారు. పిల్లవాడు ఏ అడుగులో ఏ పొరపాటు చేస్తున్నాడో ఉపాధ్యాయుడు పక్కనే ఒక పట్టికలో గుర్తు పెట్టుకునేవాడు. 52లోంచి 38 తీసేస్తే 26 అని రాసిన పిల్లవాడికి తీసివేత రాదని అనలేం. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలన్న ఒక నియమం అతనికి ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. నియమమే తప్పు. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ఇదే ఆలోచనను కంప్యూటర్‌లోకి తీసుకెళ్లారు. వాళ్ల ‘బగ్గీ’ ప్రోగ్రాం పిల్లల తీసివేత తప్పుల్ని ప్రోగ్రాంలో దొర్లే బగ్‌లలాగే చూసి, ఏ తప్పు నియమం పాటిస్తే ఏ జవాబు వస్తుందో లెక్కగట్టేది.

ఈ ఆలోచన కాలేజీ గదిలోకి వచ్చిన తీరులో భౌతికశాస్త్రం కథ అన్నిటికన్నా వివరంగా నమోదైంది. 1970ల చివరినుంచి పరిశోధకులు గమనించిన విషయం ఒకటుంది. ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థులు సూత్రాల్లో విలువలు వేసి లెక్కలు బాగానే చేస్తారు. పైకి ఎగరేసిన నాణెం ఇంకా పైకి వెళ్తుండగా దాని మీద ఏ బలాలు పనిచేస్తున్నాయో బాణాలతో చూపమంటే మాత్రం చాలామంది పైకి ఒక బాణం గీస్తారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్ ఈ ప్రశ్న మీద 1982లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. చెయ్యి వదిలాక ఆ నాణెం మీద ఉన్నది, గాలి నిరోధాన్ని వదిలేస్తే, కిందికి లాగే గురుత్వ బలం ఒక్కటే. కానీ కదిలే వస్తువు వెనక దాన్ని తోసే బలం ఏదో ఉండే ఉంటుందన్న నమ్మకం బడికి వెళ్లకముందే మనిషిలో స్థిరపడుతుంది. బండి తోస్తేనే కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది అన్నది రోజూ కళ్లారా చూసే అనుభవం మరి!

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇబ్రహీం హల్లూన్, డేవిడ్ హెస్టెనెస్ ఈ నమ్మకాల్ని ఒక గంటలోపు ఒక తరగతి మొత్తంలో పట్టుకునే పరీక్ష తయారు చేయాలనుకున్నారు. దాన్ని తయారు చేసిన పద్ధతిలోనే దాని బలం ఉంది. మొదట ఇచ్చినవి ఐచ్ఛికాలు లేని ప్రశ్నలు. విద్యార్థులు సొంత మాటల్లో జవాబు రాయాలి. ఆ కాగితాల్లో పదేపదే ఎదురైన తప్పు జవాబుల్ని ఏరి, వాటినే తర్వాతి బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఐచ్ఛికాలుగా పెట్టారు. అంటే తప్పు ఐచ్ఛికాల్ని ఉపాధ్యాయుడు తన బల్ల దగ్గర కూర్చుని ఊహించి రాయలేదు. మన దగ్గర ప్రశ్నపత్రం రాసేవారు సరైన జవాబు పక్కన మూడు ‘నింపుడు’ జవాబులు పెట్టే అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. నింపుడు ఐచ్ఛికాల్ని విద్యార్థి చూడగానే కొట్టేస్తాడు, పరీక్ష ఏమీ చెప్పదు.

ఆపైన మూడేళ్లపాటు రకరకాల రూపాల్లో వెయ్యిమందికి పైగా కాలేజీ విద్యార్థులకు ఈ పరీక్ష పెట్టి చూశారు. ప్రొఫెసర్ల చేత, పీజీ విద్యార్థుల చేత రాయించి సరైన జవాబు విషయంలో అందరూ ఏకీభవిస్తున్నారో లేదో సరిచూశారు. రాసినవారిలో కొందరిని పిలిచి కారణాలు అడిగారు. ప్రశ్న అర్థంకాక తప్పు రాశారా, అర్థమయ్యే తప్పు రాశారా అన్నది తేలాలి కదా. ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా విద్యార్థులు దాదాపు అవే జవాబులు చెప్పి, వాటిని సమర్థించుకున్నారు.

ఆ ఫలితాలు 1985లో వెలువడ్డాయి. పరీక్షలో మొత్తం 36 ప్రశ్నలు. కాలిక్యులస్ ఆధారంగా భౌతికశాస్త్రం చదివేవారికి కోర్సు మొదట్లో వచ్చిన సగటు దాదాపు సగం మార్కులు. కోర్సు పూర్తయ్యాక మళ్లీ పెడితే ఆ సగటు పెరిగింది సుమారు 14 శాతం పాయింట్లే. బోధనా శైలిలో ఒకరికొకరు పోలికలేని నలుగురు ప్రొఫెసర్ల తరగతుల్లోనూ పెరుగుదల ఇంచుమించు ఒక్కలాగే ఉంది. గొప్ప ఉపన్యాసకుడన్న పేరు ఇక్కడ పెద్దగా పనికిరాలేదు.

ఈ పరీక్షనే సంస్కరించి హెస్టెనెస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాకామర్ 1992లో ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’గా ప్రచురించారు. మొదట 29 ప్రశ్నలు, 1995 సవరణలో 30. ఒక్కోదానికి అయిదు ఐచ్ఛికాలు. లెక్క చెయ్యాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ హల్లూన్, హెస్టెనెస్ వ్యాసాలు చదివి, తన విద్యార్థులకు ఆ ప్రశ్నలు మరీ తేలికని అనుకుంటూనే వాళ్ల పరీక్ష పెట్టారు. రాస్తుండగా ఒక అమ్మాయి లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నాకు అనిపించినట్టు రాయాలా అని అడిగిందని ఆయన తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నారు. పాఠం, నమ్మకం ఒకే తలలో పక్కపక్కనే ఒకదాన్నొకటి తాకకుండా ఉండగలవని ఆ ప్రశ్న తేల్చేసింది. విద్యార్థులు పక్కవారితో వాదించుకుని జవాబు తేల్చుకునే బోధనా పద్ధతిని ఆయన రూపొందించడానికి పురిగొల్పింది ఈ పరీక్షే.

ఇలాంటి పరీక్ష ఫలితాన్ని చదవడంలో మొత్తం మార్కుల కన్నా ఒక్కో ప్రశ్నకు జవాబులు ఎలా పంచుకుపోయాయన్నదే ముఖ్యం. ఊహించుకోవడానికి 50 మంది ఉన్న ఒక తరగతిని తీసుకుందాం. పెద్ద లారీ, చిన్న కారు ఎదురెదురుగా గుద్దుకున్నాయి, ఏది దేని మీద ఎక్కువ బలం చూపింది అన్నది ప్రశ్న. ‘రెండూ సమానం’ అన్న సరైన జవాబును 9 మంది ఎంచుకున్నారు, ‘లారీయే ఎక్కువ’ అని 34 మంది, మిగతా మూడు ఐచ్ఛికాలకు కలిపి 7 మంది. మరో ప్రశ్నకు అదే తరగతి జవాబులు 12, 9, 11, 10, 8గా చెదిరిపోయాయి. రెండు ప్రశ్నల్లోనూ సరైన జవాబులు రాసినవారు తక్కువే, కాబట్టి మార్కుల పట్టికలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా ఒక్కో ఐచ్ఛికానికి దాదాపు పదిమంది వస్తారు. అందుచేత రెండో ప్రశ్నలో తేలింది ఖాళీ, ఆ పాఠం వాళ్లు వినలేదు. మొదటి నుంచి చెబితే సరిపోతుంది. మొదటి ప్రశ్నలో ఖాళీ లేదు, అక్కడ ఒక గట్టి నమ్మకం కూర్చుని ఉంది. న్యూటన్ మూడో నియమాన్ని బోర్డు మీద మరోసారి రాసినంత మాత్రాన అది కదలదు. వాళ్లలో చాలామందికి ఆ నియమం కంఠతా వచ్చు కూడా. ముందు ఏం జరుగుతుందో ఊహించి చెప్పమని, రెండు స్ప్రింగ్ త్రాసుల్ని ఒకదానికొకటి తగిలించి లాగించి, రెంటిలోనూ ఒకే కొలత చూపించి, ఒకే బలానికి తేలిక కారు ఎక్కువ త్వరణం పొంది నుజ్జవుతుందని విడదీసి చెప్పాలి.

పూర్వ పరీక్షను కోర్సు చివర మళ్లీ పెట్టినప్పుడు పోల్చడం ఎలా అన్న చిక్కును రిచర్డ్ హేక్ 1998లో ఒక చిన్న నిష్పత్తితో తీర్చారు. శాతాల్లో చూస్తే అది ఇంతే:

```
g = (post − pre) / (100 − pre)
```

పెరగడానికి ఎంత చోటుందో అందులో ఎంత పెరిగారన్నది దీని అర్థం. 30 నుంచి 51కి వచ్చిన తరగతి, 70 నుంచి 79కి వచ్చిన తరగతి ఈ లెక్కన సమానమే, రెంటికీ 0.3. హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది ఫలితాల్ని పోగేశారు. సంప్రదాయ ఉపన్యాసాల కోర్సులు 14, వాటి సగటు 0.23. విద్యార్థులు చర్చిస్తూ, చేస్తూ నేర్చుకున్న 48 కోర్సుల సగటు 0.48. కోర్సులు తమంతట తాము పంపిన వివరాలే కాబట్టి బాగా జరిగినవే ఎక్కువ చేరి ఉండొచ్చన్న అనుమానం సహేతుకం. అయినా ఆ తేడా కొట్టిపారేయదగ్గంత చిన్నది కాదు.

పరీక్ష చెడిపోయే దారులు కొన్ని తెలిసినవే. మార్కులు కలుపుతామంటే విద్యార్థి తనకు అనిపించింది రాయడు, ఉపాధ్యాయుడికి నచ్చేది రాస్తాడు. అసలు లెక్కలోకే రాదంటే కొందరు అయిదు నిమిషాల్లో గుర్తులు పెట్టి లేస్తారు. అందుకే రాసినందుకు మాత్రమే హాజరు మార్కు ఇచ్చి, తప్పొప్పులతో సంబంధం లేదని ముందే చెప్పడం వాడుక. ప్రశ్నల్ని తరగతిలో చర్చించి జవాబులు చెప్పేస్తే చివర మళ్లీ పెట్టినప్పుడు అది జ్ఞాపకశక్తి పరీక్ష అవుతుంది. మొదట రాసి మధ్యలో కోర్సు వదిలేసినవారిని లెక్కలోంచి తీయకపోతే పెరుగుదల ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది, ఎందుకంటే తరచూ మానేసేది వెనకబడినవారే. ఇక ప్రశ్నలోని సందర్భం మరో చిక్కు. ఇన్వెంటరీలో మంచు మీద జారే హాకీ బిళ్ల వస్తుంది. రాజమండ్రిలోనో కరీంనగర్‌లోనో చదివే విద్యార్థికి క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లాక జారే స్ట్రైకర్ అంటే వెంటనే తడుతుంది. కానీ ప్రశ్నను అలా మార్చితే పాత ఫలితాలతో పోల్చే హక్కు పోతుంది. కొన్ని ప్రశ్నలు అమ్మాయిలకు అన్యాయంగా పనిచేస్తున్నాయని తర్వాతి విశ్లేషణల్లో తేలింది కూడా.

సరైన జవాబు తప్పుడు కారణంతో రాయడాన్ని పట్టుకోలేకపోవడం ఒంటి జవాబు ప్రశ్నల పెద్ద లోపం. ఆస్ట్రేలియాలో డేవిడ్ ట్రెగస్ట్ 1988లో దీనికి రెండంచెల ప్రశ్నను ప్రతిపాదించారు. పై అంచెలో జవాబు, కింది అంచెలో దానికి కారణం, రెండూ సరిపోతేనే తెలిసినట్టు. రసాయనశాస్త్రం, జీవశాస్త్రాల్లో ఈ రూపం బాగా వ్యాపించింది.

భారతదేశంలో ప్రాథమిక స్థాయి పూర్వ పరీక్షలకు ఎక్కువ ప్రచారం వచ్చింది 2005లో ‘ప్రథమ్’ స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన అసర్ సర్వేతో. పిల్లవాడితో ఒక్కడితోనే కూర్చుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అన్న మెట్లలో ఏ మెట్టు వరకు చదవగలడో చూస్తారు. తరగతితో సంబంధం లేకుండా ఆ మెట్టు నుంచే బోధన మొదలుపెట్టాలన్నది ‘ప్రథమ్’ పద్ధతి. తెలంగాణ 2022లో ప్రాథమిక పాఠశాలల్లో ఆరంభించిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా బేస్‌లైన్ పరీక్షతోనే మొదలైంది. వీటికీ ఇన్వెంటరీకీ ఒక తేడా ఉంది. అసర్ తరహా పరీక్ష పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చెబుతుంది, అక్కడ ఎందుకు ఆగిపోయాడో చెప్పదు. అది తెలియాలంటే, దాదాపు వందేళ్ల కిందట బస్‌వెల్, జాన్ చేసినట్టు, ఆ పిల్లవాడి చేత లెక్క పైకి చెప్పిస్తూ పక్కన కూర్చుని వినాల్సిందే.