అంచు చిల్లుల కార్డు నుంచి ట్యాగు వరకు

స్థిరాస్తి వ్యాపారంలో, బేరం ఇంకా కుదరకపోయినా ఆసక్తి చూపి పేరు, ఫోన్ నంబరు ఇచ్చిన వ్యక్తిని లీడ్ అంటారు. అటువంటి వారి వివరాలను, వారితో జరిగిన సంభాషణలను ఒకచోట భద్రపరిచే సాఫ్ట్‌వేరు సీఆర్ఎం. దీని వంశవృక్షాన్ని చెప్పేవారు సాధారణంగా 1958లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన రోలోడెక్స్ అనే తిరిగే కార్డుల చక్రంతో మొదలుపెట్టి, పాట్ సలివన్, మైక్ ముహ్నీ 1987లో తెచ్చిన యాక్ట్ అనే ప్రోగ్రాము మీదుగా నేటి సేవలకు వస్తారు. ఈ వరుస సరైనదే గాని అసంపూర్ణం. ఎందుకంటే రోలోడెక్స్ పేరు తెలిసిన మనిషిని వెదికిపెట్టగలదే తప్ప, అమ్మదలచినవారు ఎవరెవరన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

ఆ జవాబు చెప్పగలిగింది అంచు చిల్లుల కార్డు. 1896లో హోరేస్ టేలర్ పేరిట పేటెంటు పొందిన ఈ పద్ధతి, ఇరవయ్యో శతాబ్దంలో మెక్‌బీ కీసార్ట్ అనే పేరుతో కార్యాలయాల్లోనూ గ్రంథాలయాల్లోనూ వ్యాపించింది. కార్డు అంచుల వెంట వరుసగా చిల్లులుంటాయి. ఒక్కొక్క చిల్లుకు ఒక్కొక్క అర్థం నిర్ణయించి, ఆ లక్షణం ఉన్న కార్డుకు చిల్లుకూ అంచుకూ మధ్యనున్న కాగితాన్ని కత్తిరించి గాడి చేస్తారు. కార్డుల కట్టలో ఆ చిల్లు గుండా సూది దూర్చి పైకెత్తితే గాడి ఉన్నవి జారిపడతాయి. పడినవాటిలో మరో చిల్లుకు సూది దూర్చితే రెండు లక్షణాలూ ఉన్నవి మాత్రమే వేరవుతాయి. ఒకే మనిషి ఏకకాలంలో రెండు వర్గాలకు చెందవచ్చన్న సత్యాన్ని వేర్వేరు దస్త్రాలు కాదంటే, ఈ కార్డు ఒప్పుకుంది. నేటి ట్యాగు దీని నుంచే సూటిగా దిగిందని చెప్పలేకపోయినా, రెండింటి తర్కమూ ఒకటే.

ట్యాగులతో కూడిన లీడ్ల జాబితాను సీఆర్ఎంలోకి చేర్చే వాహనం మాత్రం కామాలతో విలువలను వేరుచేసే సీఎస్‌వీ ఫైలు. ఐబీఎం ఫోర్ట్రాన్ కంపైలర్ 1972 నాటికే కామాలతో వేరుచేసిన దత్తాంశాన్ని చదివేది. అయినా ఈ రూపానికి నియమాలు వివరిస్తూ ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం వెలువడింది 2005లోనే. విలువలోనే కామా ఉంటే దానిని జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలన్నది అందులోని ముఖ్య నియమం; అది తప్పితే చిరునామాలోని కామా దగ్గర గడి విరిగి, ఊరి పేరు ఫోన్ గడిలో పడుతుంది.

అంతకంటె ప్రమాదకరమైన తప్పు ఫోన్ నంబర్లలో జరుగుతుంది. దేశ సంకేతం 91తో కలిపి ఖాళీలు లేకుండా రాసిన భారతీయ మొబైల్ నంబరులో 12 అంకెలుంటాయి. ఎక్సెల్ దానిని గణిత సంఖ్యగా భావించి 9.19848E+11 అని చూపుతుంది, ఆ స్థితిలో సీఎస్‌వీగా దాచితే కనిపించిన రూపమే ఫైలులో మిగులుతుంది. తిరిగి చదివినప్పుడు అది 919848000000 అవుతుంది. వరుసగా ఆరు సున్నలతో ముగిసే నంబర్లు ఒకటికి మించి కనబడితే జరిగింది ఇదేనని గ్రహించాలి. లేకుంటే ఒకే ఆరంభపు అంకెలున్న అపరిచితులందరూ ఒకే నంబరు కలవారై, నకళ్లను కలిపే సీఆర్ఎం వారిని ఒకే మనిషిగా చేసేస్తుంది. ఫోన్ నిలువు వరుసను మొదటే టెక్స్టుగా నిర్ణయించి మూల ఫైలును మళ్లీ తెరిస్తే తప్ప, పోయిన అంకెలు తిరిగిరావు.

హైదరాబాదులోని ఒక చిన్న కార్యాలయాన్ని ఊహిస్తే, ఒకే వ్యక్తి వెబ్ పోర్టల్ జాబితాలో కొంపల్లిలో ఫ్లాటు కొనదలచినవారుగా, సైటు సందర్శకుల పుస్తకంలో షాద్‌నగర్ ప్లాటు అమ్మదలచినవారుగా కనిపించవచ్చు. పేరు రెండుచోట్ల రెండు రకాలుగా రాసి ఉండవచ్చు గనుక నంబరునే గుర్తుగా తీసుకుని, రెండు వరుసలను కలిపేముందు ట్యాగులను ఒకే గడిలో చేర్చాలి:

```
Phone,Area,Tags
"+91XXXXXXXXXX","Kompally, Shadnagar","buyer;seller"
```

ఈ క్రమం తప్పితే, పాత ట్యాగు స్థానంలో కొత్తదాన్ని పెట్టే అమరిక ఉన్న సీఆర్ఎంలలో రెండో జాబితా మొదటి దానిని చెరిపివేస్తుంది. కాబట్టి పది వరుసలతో ముందు పరీక్షించడం అవసరం. ఇక అద్దెకో తిరిగి అమ్మకానికో కొనే పెట్టుబడిదారును కొనుగోలుదారుల పక్కన సమాన వర్గంగా పెట్టడం పొరపాటు. కొనడం, అమ్మడం రిజిస్ట్రేషనుతో ముగిసే స్థితులు. పెట్టుబడి ఉద్దేశం మాత్రం ఆ తర్వాతా నిలుస్తుంది. అందువల్ల దస్తావేజు రిజిస్టరైన రోజున buyer ట్యాగును తీసివేసి investor ను ఉంచాలి, లేకుంటే ఇల్లు కొనేసినవారికే మళ్లీ ఇళ్లు చూపే ఫోన్లు వెళతాయి. ప్రతి దిగుమతికీ మూలమూ నెలా తెలిపే మరొక ట్యాగు, ఉదాహరణకు `portal-2024-06` వంటిది, జోడించిన కార్యాలయానికి, తప్పు జరిగిన జాబితాను మొత్తంగా వేరుచేసి తొలగించి మళ్లీ చేర్చే వీలు మిగులుతుంది.