ఉదయగిరి–ఆత్మకూరు మెట్ట ప్రాంతంలో కళాశాల విద్యార్థుల పార్ట్‌టైమ్ పని

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, మర్రిపాడు, కలిగిరి ప్రాంతాల్లో, డిగ్రీ, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు చదువు సాగుతుండగానే చేసే కూలి, జీతపు పనుల చరిత్ర ఈ వ్యాస విషయం. పొలం పని, పొగాకు బ్యారన్ల పని, దుకాణాల్లో సాయంత్రపు కొలువు, పిల్లలకు ట్యూషన్లు, వేసవిలో ఉపాధి హామీ పని దీని ప్రధాన రూపాలు. పని చేసినంత మాత్రాన చదువు దెబ్బతినదు. అవసరం ఏ రోజున పడుతుంది, పని ఏ గంటల్లో దొరుకుతుంది అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

వారాల కాలం

కళాశాలలు ఈ దరిదాపుల్లో లేని రోజుల్లో పేద విద్యార్థికి డబ్బు కంటే ముందు కావలసింది అన్నం. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం చేసే పద్ధతిని ‘వారాలు’ అనేవారు. అందుకు బదులుగా ఆ ఇంటి పిల్లలకు చదువు చెప్పడం, చిల్లర పనులు చేసిపెట్టడం మామూలే. ఈ ఏర్పాటు చాలావరకు అగ్రవర్ణాల పిల్లలకే దక్కేదన్న సంగతిని పాత జ్ఞాపకాలు రాసినవారు తరచుగా దాటవేస్తారు. మిగిలిన కులాల్లో చదువుకు వెళ్లే పిల్లలే తక్కువ, వెళ్లినవారికి వారాలిచ్చే ఇళ్లు అంతకంటే తక్కువ.

అప్పటి అవసరం ఎలాంటిదో టంగుటూరి ప్రకాశం బాల్యం చెబుతుంది. ఆయన 1872లో పుట్టారు. ఆయన పెరిగిన ఒంగోలు 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. మిడిల్ పరీక్షకు కట్టాల్సిన 3 రూపాయలు సమయానికి దొరక్కపోతే ఆమె తన పట్టుబట్ట తాకట్టు పెట్టి తెచ్చారని ప్రకాశం స్వీయచరిత్రలో రాసుకున్నారు. ఏడాది పొడుగునా తిండి ఎలాగో గడిచిపోయింది, ఒక్క గడువు రోజున మాత్రం 3 రూపాయలు లేకపోయాయి. పేద విద్యార్థి అవసరం తరచుగా ఇలా ఒక్కసారిగా, తారీకు కట్టుకుని వస్తుంది.

వార్షిక పరీక్షల నాటి వెసులుబాటు

1951లో కావలిలో జవహర్ భారతి, 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక మెట్ట పిల్లలకు డిగ్రీ చదువు కొంత అందుబాటులోకి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వ వసతి గృహాలు, ఉపకార వేతనాలు వారాల స్థానాన్ని తీసుకున్నాయి. ఆత్మకూరు, ఉదయగిరిలలోనే కళాశాలలు వెలిశాక ఇంటినుంచి బస్సెక్కి వెళ్లి చదువుకోవడం సాధ్యమైంది. ఇంట్లో ఉండి చదివే పిల్లవాడు ఇంటి పనికీ అందుబాటులో ఉంటాడు కాబట్టి, విద్యార్థి పని ఇక్కడ విస్తరించింది నిజానికి అప్పుడే.

ఆ కాలంలో డిగ్రీకి ఏడాదికి ఒక్కసారే పరీక్షలు. వేరుశనగ పీకేటప్పుడో, పొగాకు నాటేటప్పుడో పది పదిహేను రోజులు కళాశాలకు వెళ్లకపోయినా, చివరి రెండు నెలలు గైడ్లు పట్టుకుని కూర్చుంటే గట్టెక్కేవారు. అది మంచి చదువని చెప్పలేం గాని, పని చేసే కుర్రవాడికి కలిసొచ్చిన ఏర్పాటు. పూర్తిగా పనిలో ఉన్నవారికి 1982లో హైదరాబాదులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మరో దారి తెరిచింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ చదవనివారు కూడా ప్రవేశ పరీక్ష రాసి అందులో డిగ్రీలో చేరగలిగారు.

సెమిస్టర్ వచ్చాక

2008లో నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంచుమించు అదే సమయంలో బోధన రుసుము తిరిగి చెల్లింపు పథకం మొదలై కళాశాల ఫీజు భారం చాలా ఇళ్లలో తగ్గింది. అసలు మలుపు మాత్రం 2015–16లో రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలల్లో సెమిస్టర్ పద్ధతి ప్రవేశించడం. ఏడాదికి రెండు పరీక్షలు, మధ్యలో ఇంటర్నల్ పరీక్షలు, రికార్డులు, అసైన్‌మెంట్లు, వీటన్నిటికీ మార్కులు. సెమిస్టర్‌కు సుమారు 90 పనిదినాలు అనుకుంటే, 75 శాతం హాజరు నిబంధన ప్రకారం 22 రోజులకు మించి మానడానికి లేదు. వార్షిక పద్ధతిలో పక్షం రోజుల వేరుశనగ పని కనబడకుండా పోయేది. ఇప్పుడు అదొక్కటే ఈ 22 రోజుల్లో మూడింట రెండు వంతులు తినేస్తుంది.

పొగాకు విషయంలో ఇది బాగా తెలుస్తుంది. కలిగిరిలోను, మర్రిపాడు మండలం డి.సి.పల్లిలోను పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి, చుట్టుపక్కల ఊళ్లలో బ్యారన్లున్నాయి. పంట అక్టోబరు, నవంబరుల్లో నాటితే జనవరి నుంచి ఆకు కోతకు వస్తుంది. కోసిన ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లోకి ఎక్కించాలి. తర్వాత దాదాపు వారం పాటు రాత్రింబగళ్లు మంట చూసుకుంటూ, వేడిని దశలవారీగా పెంచుతూ, మధ్యలో పడిపోకుండా కాపాడాలి. ఆ తర్వాత గ్రేడింగ్, బేళ్లు కట్టడం, వేలం. అంటే కూలి బాగా దొరికే జనవరి–ఏప్రిల్ నెలలూ, రెండో సెమిస్టర్ తరగతులూ పరీక్షలూ ఒకే చోట పడతాయి. రాత్రి బ్యారన్ దగ్గర కాపలా ఉన్న కుర్రవాడు పొద్దున కళాశాలకు వెళితే హాజరు పడుతుంది, పాఠం మాత్రం పడదు.

ఉదయగిరిలో పేరున్న కొయ్య చెంచాలు, గరిటెల పని ఇందుకు భిన్నం. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పని ఇళ్లలోనే, ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో, ముక్కకింత అన్న లెక్కన సాగుతుంది. పరీక్ష ముందు ఆపి తర్వాత తిరిగి పట్టుకోవచ్చు. రాబడి తక్కువే, కానీ గంటలు చేసేవారి చేతిలో ఉంటాయి. ట్యూషన్లు చెప్పడం కూడా ఈ కోవలోనిదే. చదువుకు హాని తక్కువ చేసే పనులకే సాధారణంగా డబ్బు తక్కువ వస్తుంది, ఈ చిక్కును ఏ పథకమూ ఇంతవరకు తీర్చలేదు.

ఒక ఉదాహరణ లెక్క

వింజమూరు వైపునుంచి ఆత్మకూరుకు వచ్చి బీఎస్సీ చదివే ఒక విద్యార్థిని ఊహించుకుందాం. వారానికి 36 గంటలు కళాశాల, 12 గంటలు బస్సు ప్రయాణం, సాయంత్రం రోజుకు 4 గంటల చొప్పున ఆరు రోజులు బట్టల కొట్లో పని, మొత్తం 24 గంటలు. నిద్రకు 49 గంటలు, తిండికీ స్నానానికీ ఇంటి పనికీ 21 గంటలు తీసేస్తే, వారంలోని 168 గంటల్లో ఇంకా 26 గంటలు మిగులుతాయి. కాగితం మీద ఇది చాలినంత సమయమే. అయితే ఇందులో సగానికి సగం ఆదివారం ఒక్కరోజే ఉంటుంది, మిగతాది రాత్రి ఇల్లు చేరాక కళ్లు మూతలు పడే వేళ ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. దసరా, దీపావళి బేరాలప్పుడు యజమాని ఆదివారం కూడా రమ్మంటాడు. మొదటి సెమిస్టర్ పరీక్షలకు చదవాల్సిన రోజులు కూడా ఇంచుమించు అవే.

ఇక డబ్బు. బస్సు పాసు, రెండు విడతల పరీక్ష ఫీజు, రికార్డులు, పుస్తకాలు, ఫోన్ రీచార్జి కలిపి ఏడాదికి 15,000 రూపాయలనుకుందాం. కొట్లో నెలకు 4,000 ఇస్తే పది నెలలకు 40,000. చదువు కోసమే అయితే నాలుగు నెలల పని చాలు. మిగిలిన 25,000 ఇంటి అప్పుకో, చెల్లెలి ఖర్చుకో పోతుంది. అందువల్ల పని మానెయ్యమని విద్యార్థికి చెప్పడం తేలిక, అతని ఇంటికి చెప్పడం కష్టం. పోనీ చదువు ఖర్చు మేరకే సంపాదిస్తానంటే కొట్టు యజమాని నాలుగు నెలలకు మనిషిని పెట్టుకోడు.

వేసవిలో సంపాదించుకోవడం ఇంతకంటే మేలైన దారి. ఉపాధి హామీ పథకం జిల్లాలో రెండో విడతగా 2007–08లో మొదలైంది. 18 ఏళ్లు నిండిన విద్యార్థి ఇంటి జాబ్ కార్డు మీద పనికి వెళ్లవచ్చు. 2025–26లో రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు, అయితే పని కొలతను బట్టి చేతికొచ్చేది తగ్గవచ్చు. రోజుకు 250 వేసుకున్నా 30 రోజులకు 7,500, అంటే పై ఖర్చులో సగం. ఈ దారికీ ఇప్పుడు ఒక అడ్డు వచ్చింది. 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, రెండూ వేసవిలోనే. చాలావరకు వీటికి డబ్బు రాదు. నైపుణ్యం కోసం తెచ్చిన ఏర్పాటు పేద విద్యార్థి సంపాదించుకునే రెండు నెలలనే తీసుకుంది.

ఫలితాల మీద ప్రభావం

పని చేసేవారి మార్కులను చేయనివారి మార్కులతో నేరుగా పోల్చితే తప్పుదారి పడతాం. పేదరికం, ఊరి దూరం, ఇంటి చదువు కూడా మార్కులను మారుస్తాయి. ఈ చిక్కుముడిని విప్పడానికి అమెరికాలోని బెరియా కళాశాల అక్కరకొచ్చింది. అక్కడ విద్యార్థులందరూ పని చెయ్యాల్సిందే, మొదటి ఏడాది ఏ పనిలో వెయ్యాలో కళాశాలే నిర్ణయిస్తుంది. గంటలు విద్యార్థి ఇష్టాన్ని బట్టి కాకుండా పడటంతో పని ప్రభావాన్ని విడిగా చూడగలిగారు. స్టైన్‌బ్రిక్నర్ తండ్రీకొడుకులు 2003లో ప్రచురించిన ఆ పరిశీలనలో గంటలు పెరిగేకొద్దీ మార్కులు తగ్గాయి. అదే దేశంలో చదివే మన తెలుగు విద్యార్థులకు వీసా నిబంధన తరగతుల రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వదు. ఆత్మకూరు బట్టల కొట్టుకు అలాంటి పరిమితి లేదు.

చదువు దెబ్బతినే క్రమం మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. మొదట ప్రయోగశాల తరగతి తప్పుతుంది, ఎందుకంటే దాన్ని నోట్సు చూసి భర్తీ చేసుకోలేరు. తర్వాత రికార్డు ఆలస్యమవుతుంది, ఇంటర్నల్ పరీక్ష తప్పుతుంది. హాజరు 75 శాతం కిందికి దిగితే మినహాయింపు కోసం తిరగాలి. చివరికి ఒకటి రెండు పేపర్లు మిగిలిపోతే సప్లిమెంటరీ ఫీజు కట్టాలి, ఆ ఫీజు కోసం మరికొన్ని గంటలు పనికి వెళ్లాలి. బీఏ, బీకాం వారికంటే బీఎస్సీ, ఇంజనీరింగ్ వారిలో ఈ జారుడు ముందే మొదలవుతుంది. మార్కుల జాబితా వచ్చేదాకా ఆగనక్కర్లేదు, మొదటి నెల ప్రయోగశాల హాజరు పట్టీ చూస్తే అధ్యాపకుడికి తెలిసిపోతుంది.

ఇటీవలి మార్పులు

2020లో వచ్చిన వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతలుగా ఇవ్వాలన్నది అప్పటి ఏర్పాటు. పై లెక్కలోని 15,000 ఖర్చుకు ఆ మొత్తం చాలు. కానీ సాయం ఏ నెలలో అందుతుందన్నది మొత్తం కంటే ముఖ్యం. పరీక్ష ఫీజు గడువు దాటాక వచ్చే డబ్బు ఆ సెమిస్టర్‌కు పనికిరాదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాంతో ఆత్మకూరుకు బస్సులో వచ్చి చదివే అమ్మాయిల ఖర్చులో ఒక పద్దు పూర్తిగా పోయింది. అబ్బాయిలు ఇప్పటికీ పాసుకు డబ్బు కట్టాల్సిందే.