ఆస్తి బుడగ: అమరావతి భూముల ధరలు (2014–2025)

ఆస్తి బుడగ అంటే ఒక ఆస్తి ధర, ఆ ఆస్తి తెచ్చే ఆదాయంతో సంబంధం తెగిపోయి, రేపు మరొకరు ఇంకా ఎక్కువకు కొంటారన్న ఆశ మీద మాత్రమే పెరిగే స్థితి. ఆశ సన్నగిల్లినప్పుడు ధరను ఆపడానికి కింద ఆదాయం ఉండదు కనుక పతనం వేగంగా ఉంటుంది. 1637 నాటి డచ్చి తులిప్ దుంపల వ్యాపారం, 1720 నాటి లండన్ సౌత్ సీ కంపెనీ వాటాలు పాఠ్యపుస్తకాల్లో తరచు కనిపించే ఉదాహరణలు. తెలుగు నేల మీద ఈ క్రమాన్ని దగ్గరగా పరిశీలించడానికి వీలిచ్చేది కృష్ణా కుడి ఒడ్డున తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో 2014 తర్వాత నడిచిన భూముల బేరం. దాన్ని బుడగ అనవచ్చా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఆ వివాదం ఈ వ్యాసంలో తర్వాత వస్తుంది.

ప్రకటనకు ముందు

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయేనాటికి కొత్త రాజధాని ఎక్కడన్నది తేలలేదు. కేంద్రం నియమించిన శివరామకృష్ణన్ కమిటీ ఆగస్టులో నివేదిక ఇచ్చింది. విజయవాడ, గుంటూరు మధ్య మహానగరం కట్టడం పట్ల అది సుముఖత చూపలేదు. ఆ నెలల్లో నూజివీడు, దొనకొండ, నాగార్జున విశ్వవిద్యాలయం పరిసరాలు ఒకదాని తర్వాత ఒకటిగా వార్తల్లోకి వచ్చాయి. పేరు వినబడిన చోటల్లా భూముల రేట్లు కదిలాయని పత్రికలు రాశాయి. ఎంత కదిలాయన్న అంకెలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. గమనించదగ్గది వేరే ఉంది. అప్పటికి ఏ ఊరిలోనూ ఒక్క రోడ్డు పడలేదు. మారింది కొనేవాళ్ల అంచనా ఒక్కటే.

సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విజయవాడ పరిసరాల్లో రాజధాని అని శాసనసభలో ప్రకటించారు. డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం వచ్చింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. ఈ ఏడాది కాలంలోనే ధరలు బాగా ఎగిశాయన్నది అన్ని కథనాలూ ఒప్పుకునే మాట. లక్షల్లో ఉన్న ఎకరం కోటి దాటిందని ఎక్కువ కథనాలు చెబుతాయి. ఇవి చాలావరకు బ్రోకర్లు చెప్పిన రేట్లు. రిజిస్టరయిన విలువలు వీటికంటే బాగా తక్కువ కనుక రెంటినీ కలిపి చదవకూడదు.

ధరలో ఆశ ఎంత?

సాధారణంగా బుడగను కొలవడం కష్టం, ఆస్తి అసలు విలువ ఎంతన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు కనుక. అమరావతిలో మాత్రం ఒక కొలబద్ద దొరుకుతుంది. భూసమీకరణలో సుమారు 28 వేల మంది రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. బదులుగా మెట్ట ఎకరానికి ఏటా 30 వేలు, జరీబు ఎకరానికి 50 వేల రూపాయల కౌలు పదేళ్ల పాటు చెల్లిస్తామనీ, ఏటా 3 వేలు లేదా 5 వేలు పెంచుతామనీ ప్రభుత్వం ఒప్పుకుంది. దీనికి తోడు అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇస్తామంది. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకు నివాస స్థలం అంతే, వాణిజ్య స్థలం 450 గజాలు.

జరీబు ఎకరం కోటి రూపాయలనుకుందాం. ఏటా వచ్చే 50 వేలు ఆ కోటి మీద అర శాతం. ఇదే సీఆర్‌డీఏ 2018 ఆగస్టులో 2 వేల కోట్ల అమరావతి బాండ్లు అమ్మినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉన్నా, మదుపరులకు 10.32 శాతం వడ్డీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ వడ్డీ లెక్కన 50 వేల ఆదాయం తెచ్చే ఆస్తి విలువ అయిదు లక్షలకు కాస్త తక్కువ. పెరిగే కౌలునూ కలుపుకుంటే ఇంకొంత పెరుగుతుంది గాని, కోటికి చేరే మాట లేదు. మిగిలిన తొంభై లక్షల పైచిలుకు, ఇంకా కట్టని నగరంలో ప్లాట్లకు ఎవరో ఇవ్వబోయే ధర.

ఆ ధరనూ విప్పి చూడవచ్చు. జరీబు ఎకరానికి వచ్చేది 1,450 గజాలు. కోటికి కొన్నవాడికి గజం దాదాపు 6,900 పడుతుంది. ప్లాటు చేతికి రావడానికి అయిదేళ్లు పట్టి, డబ్బు మీద ఏటా పది శాతం ఆశించినా, అప్పటికి గజం 11 వేలు పలికితేనే అసలూ వడ్డీ గిట్టుతాయి (మధ్యలో వచ్చే కౌలు ఇందులో చిన్న భాగమే). మెట్ట భూమి అదే ధరకు కొంటే గజాలు 1,250 మాత్రమే కనుక పరిస్థితి ఇంకా బిగుతు. ఇలా లెక్క వేసి కొన్నవాళ్లు లేకపోలేదు. ఎక్కువమంది మనసులో ఉన్నది మాత్రం హైదరాబాదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్ రాళ్ల గుట్టలు ఏమయ్యాయో చూసినవాళ్లు, అప్పుడు కొనలేకపోయామని అనుకున్నవాళ్లు ఈసారి ఆలస్యం చేయదలచలేదు. ఇది తెలివితక్కువతనం కాదు. కళ్లెదుట జరిగినదాన్ని ఆధారం చేసుకున్న అంచనా. అయితే ఒక నగరం ఎదిగిందన్నది రెండో నగరం ఎదుగుతుందనడానికి సాక్ష్యం కాదు.

అగ్రిమెంట్ల గొలుసు

ధరను తొందరగా ఎగదోసింది అగ్రిమెంటు మీద అమ్మే పద్ధతి. ఇది అమరావతిలో పుట్టింది కాదు, తెలుగు ప్రాంతాల భూముల వ్యాపారంలో చాలాకాలంగా ఉన్నదే. కొనేవాడు మొత్తం చెల్లించడు. అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలలో ఆరు నెలలో గడువుతో స్టాంపు కాగితం రాయించుకుంటాడు. గడువులోగా ఆ కాగితాన్నే లాభానికి మరొకరికి చేతులు మారుస్తాడు.

ఒక ఊహా ఉదాహరణ: ఎకరం కోటీ ఇరవై లక్షలకు బేరం, అడ్వాన్సు 20 లక్షలు. రేటు నాలుగో వంతు పెరిగి కోటిన్నర అయితే కాగితం చేతిలో ఉన్నవాడికి లాభం 30 లక్షలు, అంటే పెట్టిన డబ్బుకు ఒకటిన్నర రెట్లు. అదే రేటు ఆరో వంతు తగ్గి కోటికి దిగితే అతని 20 లక్షలూ పోయినట్టే. అక్కడి నుంచి ఇంకొంచెం దిగినా, మిగతా కోటి కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవడం కన్నా అడ్వాన్సు వదులుకుని తప్పుకోవడమే అతనికి నయం.

ఒకే ఎకరం మీద ఇలాంటి కాగితాలు రెండు మూడు వరుసగా ఉన్నప్పుడు, అసలు రైతుకు రావలసిన బాకీ చివరి కొనుగోలుదారు మీద ఆధారపడుతుంది. అతను వెనక్కి తగ్గితే అతనికి అమ్మినవాడు, ఆపైవాడు వరుసగా ఇరుక్కుంటారు. పెరిగేటప్పుడు ఈ గొలుసు రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కల్లో కనబడదు, తెగేటప్పుడు కోర్టు వ్యాజ్యాల్లో కనబడుతుంది. బుడగను ముందుగా గుర్తించదలచినవారు రేటు కన్నా దీన్ని చూడడం మేలు: చేతులు మారిన కాగితాల్లో ఎన్ని చివరికి రిజిస్టరయ్యాయి, కొన్నవాళ్లలో ఇల్లు కట్టుకోవడానికి కొన్నవాళ్లు ఎందరు.

కొంత నిజమైన గిరాకీ కూడా ఉందన్నది చెప్పాలి. 2018 నవంబరులో నేలపాడు దగ్గర సీఆర్‌డీఏ తన ‘హ్యాపీ నెస్ట్’ అపార్ట్‌మెంట్లలో తొలి విడతగా 300 ఫ్లాట్లకు బుకింగ్ తెరిస్తే కొన్ని గంటల్లోనే అయిపోయాయి. వాటిలో ఎన్ని నివాసానికి, ఎన్ని మారుబేరానికి అన్నది వేరు ప్రశ్న. ఆ తర్వాత కొన్నేళ్లు నిర్మాణమే కదలలేదు.

పతనం

2019 మేలో ప్రభుత్వం మారింది. జులైలో ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్ల రుణ ప్రతిపాదన నుంచి తప్పుకుంది. నవంబరులో సింగపూర్ సంస్థలతో స్టార్టప్ ప్రాంత ఒప్పందం రద్దయింది. డిసెంబరు 17న ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి మూడు రాజధానుల ఆలోచనను శాసనసభలో చెప్పారు. ప్లాట్ల రేట్లు సగానికీ అంతకన్నా కిందికీ పడ్డాయని 2020 నాటి కథనాలు.

‘పడ్డాయి’ అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా తీసుకోవాలి. షేర్ల బజారులో ధర క్షణక్షణం తెర మీద దిగుతుంది. భూమికి అటువంటి తెర లేదు. అమ్మేవాడు పాత రేటే చెబుతూ ఉంటాడు, అడిగేవాడు ఉండడు. నెలల తరబడి బేరమే జరగదు. చివరికి పెళ్లికో వైద్యానికో డబ్బు అవసరమైన ఒకరు దొరికిన ధరకు ఇస్తే, ఊరంతటికీ అదే రేటు అవుతుంది. కాబట్టి 2020, 2021 సంవత్సరాలకు చెప్పే శాతాలు కొద్దిపాటి అమ్మకాల మీద ఆధారపడ్డవి.

నష్టం అందరికీ సమంగా పడలేదు. 2015లో అమ్ముకున్న రైతుకు డబ్బు మిగిలింది. సమీకరణకు భూమి ఇచ్చి ప్లాటు కాగితం పట్టుకున్న రైతుకు పంటా లేదు, ప్లాటుకు రోడ్డూ లేదు. కౌలుదారులు, కూలీలు ధర పెరిగినప్పుడు ఏమీ పొందలేదు. పని పోయిన భూమిలేని కుటుంబాలకు దక్కింది నెలకు 2,500 రూపాయల పింఛను. బుడగల మీద వచ్చిన సాహిత్యంలో కొన్నవాళ్ల నష్టానికే చోటు ఎక్కువ. ఈ చివరి వర్గం గురించి రాసినది చాలా తక్కువ, ఇది పెద్ద లోటు.

బుడగా, విధాన మార్పా?

ఒక వాదం ప్రకారం ఇది బుడగ కాదు. రాజధాని కట్టి ఉంటే ధరలు నిలబడేవి, ప్రభుత్వం మాట తప్పినందువల్లే పడ్డాయి. రెండో వాదం ప్రకారం 2016 నోట్ల రద్దు తర్వాతే బేరాలు మందగించాయి, మూడు రాజధానుల ప్రకటన కేవలం చివరి దెబ్బ. రెంటికీ కొంత ఆధారం ఉంది.

పై లెక్కను బట్టి చూస్తే రెండు వాదాలూ పగిలిన కారణాన్ని గురించే మాట్లాడుతున్నాయి, నిండిన కారణాన్ని గురించి కాదు. ధరలో అధిక భాగం ఒక ప్రకటన మీద నిలిచినప్పుడు, దాన్ని మరో ప్రకటన తీసేయగలగడం ఆశ్చర్యం కాదు. ఇంతకూ ప్రకటన లేకపోయినా బుడగలు పగులుతాయి. వెర్నన్ స్మిత్, సహచరులు 1988లో ప్రచురించిన ప్రయోగంలో ఆస్తి ఎంత ఆదాయం ఇవ్వగలదో, ఎప్పుడు ముగుస్తుందో పాల్గొన్నవారందరికీ ముందే చెప్పారు. అయినా ధర అసలు విలువను మించి పెరిగి, ముగింపు దగ్గరపడగానే కూలింది. ఎదుటివాడు ఇంకా కొంటాడన్న నమ్మకం ఉన్నంతసేపు, అసలు విలువ తెలిసి కూడా కొనడం వారికి సబబుగానే తోచింది.

తర్వాత

2022 మార్చి 3న హైకోర్టు రాజధానిని కట్టి తీరాలని తీర్పు ఇచ్చింది. అందులోని గడువులపై అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు స్టే విధించింది. ఈ తీర్పులకు రేట్లు కొద్దిగానే స్పందించాయంటారు. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజుల్లోనే అడిగే ధరలు మళ్లీ ఎగిశాయి. అప్పటికి నిర్మాణ పనులేవీ తిరిగి మొదలవలేదు. డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు దాదాపు అంతే ఇచ్చింది. 2025 మే 2న పనులు లాంఛనంగా తిరిగి ప్రారంభమయ్యాయి. ఈసారి కట్టడాలకు డబ్బు కేటాయింపు కనబడుతోంది కనుక ధరలో ఆశ వాటా మునుపటి కన్నా తక్కువ కావచ్చు. ప్రభుత్వం మరికొన్ని వేల ఎకరాలను రెండో విడత సమీకరించే పనిలో ఉంది. దానివల్ల అమ్మకానికి వచ్చే ప్లాట్ల సంఖ్య పెరిగితే, ఇప్పటి గజం రేటు మీద దాని ప్రభావం తగ్గుదల వైపే ఉండే అవకాశం ఉంది.