చికున్‌గున్యా జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు వదలట్లేదా? కాస్త బాగున్న రోజే జాగ్రత్త!

చికున్‌గున్యా జ్వరం సాధారణంగా వారంలోపే తగ్గిపోతుంది. అసలు బాధ ఆ తర్వాతే. పొద్దున లేచేసరికి వేళ్లు ముడుచుకోవు, మడమల దగ్గర వాపు, టాయిలెట్‌కి వెళ్లాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. ‘జ్వరం లేదుగా, ఇంకేంటి?’ అని ఇంట్లో వాళ్లు అంటుంటారు. కానీ ఈ నొప్పి వారాల తరబడి, కొందరికి నెలల తరబడి ఉంటుంది. ‘చికున్‌గున్యా’ అన్న పేరే టాంజానియా, మొజాంబిక్ ప్రాంతాల్లో మాట్లాడే మకొండే భాష నుంచి వచ్చింది. మనిషిని వంగిపోయేలా చేసేది అని దాని అర్థం.

వైరస్ రక్తంలోంచి వెళ్లిపోయాక కూడా కీళ్ల లోపలి పొరలో వాపు అంత త్వరగా చల్లారదు. మణికట్లు, వేళ్లు, మడమలు, మోకాళ్లు ఎక్కువగా పట్టేస్తాయి. మామూలుగా రెండు వైపులా ఉంటుంది. ఉదయం లేవగానే, లేదా చాలాసేపు కూర్చుని లేచినప్పుడు బిగుతు ఎక్కువ. కాస్త కదిలాక కొంచెం వదులవుతుంది.

చాలామంది ఇబ్బంది పడేది నొప్పి ఉన్న రోజున కాదు, తగ్గిన రోజున. నాలుగు రోజులు మంచం మీద ఉండి, ఐదో రోజు ఒళ్లు తేలికగా అనిపించగానే పేరుకుపోయిన బట్టలన్నీ ఉతికేస్తారు, ఇల్లంతా తుడిచేస్తారు. సాయంత్రానికి మణికట్లు వాచిపోతాయి. మళ్లీ రెండు రోజులు మంచమే. అలాగని పూర్తిగా పడుకుంటే కీలు ఇంకా బిగుసుకుంటుంది, చుట్టూ ఉన్న కండ బలహీనపడుతుంది. కాబట్టి పని మానేయడం కాదు, ముక్కలు చేసుకోవడం నేర్చుకోవాలి.

ఉదాహరణకు జ్వరం తగ్గి నాలుగు వారాలైన ఒక 45 ఏళ్ల గృహిణి అనుకుందాం. స్టవ్ దగ్గర 20 నిమిషాలు నిలబడితే మడమల్లో నొప్పి పెరుగుతోంది. అయితే ఆమె 20 దాకా ఆగకూడదు. 15 నిమిషాలకే, నొప్పి రాకముందే, కూర్చోవాలి. కూరగాయలు తరగడం కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు. 10 నిమిషాలు ఆగి మళ్లీ లేవాలి. బట్టలు పిండటం, చపాతీ పిండి కలపడం, నీళ్ల బిందె ఎత్తడం లాంటి మణికట్టు మీద భారం పడే పనులు కొన్నాళ్లు ఇంట్లో వేరేవాళ్లు చూసుకోవాలి. ఇది బతిమాలి అడగాల్సిన విషయం కూడా కాదు.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? పని అయ్యాక పెరిగిన నొప్పి రెండు గంటల్లో మామూలు స్థాయికి వచ్చేస్తే పర్లేదు. రెండు గంటలు దాటినా తగ్గకపోయినా, మర్నాడు ఉదయం బిగుతు, వాపు పెరిగినా ఎక్కువైనట్టే. అప్పుడు 15 నిమిషాలను 10కి తగ్గించుకోవాలి. వరుసగా మూడు, నాలుగు రోజులు ఇబ్బంది లేకపోతే రెండు, మూడు నిమిషాలు పెంచుకోవచ్చు. కాస్త బాగున్న రోజు కూడా లెక్క దాటకూడదు. కష్టమంతా అక్కడే!

ఇక కదలికలు. ఉదయం మంచం దిగకముందే మడమలు మెల్లగా పైకీ కిందకీ ఆడించాలి. మోకాలు మడిచి, కాలిని పరుపు మీద జరుపుతూ చాపాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో చేతులు 10 నిమిషాలు ఉంచి, నీళ్లలోనే గుప్పెట మెల్లగా మూసి తెరవాలి. ఒక్కోటి ఐదు సార్లు చాలు, రోజుకి రెండు, మూడు విడతలు. బిగుతు అనిపించే దాకా వెళ్లి ఆగాలి, బలవంతంగా వంచొద్దు. కీలు వేడిగా, ఉబ్బి ఉంటే వేడి నీళ్లు వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్‌తో 10 నిమిషాలు కాపు పెట్టుకోవాలి. వాచిన కీలును గట్టిగా మర్దన చేయించడం కూడా మంచిది కాదు.

మందుల సంగతికొస్తే, జ్వరం ఉన్న రోజుల్లో డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడకూడదు, రక్తస్రావం ముప్పు ఉంటుంది. పారాసిటమాల్ కూడా డాక్టర్ చెప్పిన మోతాదు దాటకూడదు. మరో విషయం.. ఒక్క ఇంజెక్షన్‌తో నొప్పులన్నీ పోయాయంటే అది స్టెరాయిడ్ కావచ్చు. ప్రభావం తగ్గగానే నొప్పి తిరగబెట్టొచ్చు, షుగర్ ఉన్నవాళ్లకి లెవల్స్ పెరుగుతాయి. ఏం ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి.

ఒకే కీలు ఎర్రగా వాచి జ్వరం తిరగబెడితే, కాళ్లలో బలం తగ్గితే ఆలస్యం చేయొద్దు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రాత్రిళ్లు చేతి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర వాపు నరాన్ని నొక్కుతుండొచ్చు, డాక్టర్‌కి చెప్పాలి. మూడు నెలలు దాటినా వాపు ఉంటే రుమటాలజిస్ట్‌ని కలవాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాని చికిత్స వేరు.