చతురస్రంపై గుమ్మటం: మూలల సమస్యకు గోల్ గుంబజ్ సమాధానం

చతురస్రాకారపు గదిపై వృత్తాకారపు గుమ్మటాన్ని నిలిపినప్పుడు దాని అంచు నాలుగు గోడల మధ్య బిందువులను మాత్రమే తాకుతుంది. నాలుగు మూలలలో ఆధారం ఉండదు. ఈ ఖాళీని పూరించడానికి వాస్తు చరిత్రలో రెండు ప్రధాన పద్ధతులు కనిపిస్తాయి.

మొదటిది స్క్వించ్. మూలకు అడ్డంగా, ఒక గోడ నుండి పక్క గోడకు, చిన్న కమాను కడతారు. నాలుగు మూలలలోనూ కట్టగానే చతురస్రం అష్టభుజి అవుతుంది. అక్కడి నుండి వృత్తం దూరం కాదు. ఇరాన్‌లోని ఫిరూజాబాద్ ససానీ ప్రాసాదంలోనూ, ఢిల్లీలో 1311 నాటి అలాయ్ దర్వాజాలోనూ ఉన్నది ఇదే. రెండవది పెండెంటివ్. ఇది గది కర్ణమే వ్యాసంగా గల గోళం నుండి కోసి తీసిన త్రికోణపు వంపు ముక్క వంటిది. కింద మూలలో కొనగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పై, మిగిలిన మూడింటితో కలిసి పూర్తి వృత్తాన్ని ఏర్పరుస్తుంది.

ఈ రెండింటినీ కేవలం క్షేత్రగణిత ఉపాయాలుగా వర్ణించడం పరిపాటి. అది సగం మాత్రమే. గుమ్మటం కిందికే కాక బయటికీ తోస్తుంది. పెండెంటివ్ ఆ తోపును నాలుగు స్తంభాల మీదికి చేరుస్తుంది. 537లో పూర్తయిన కాన్‌స్టాంటినోపుల్ హేగియా సోఫియాలో స్తంభాలు బయటికి ఒరిగాయి. చదునైన తొలి గుమ్మటం 558లో కూలింది. 562 నాటికి చిన్న ఇసిడోర్ దానిని మరింత ఎత్తుగా పునర్నిర్మించాడు. వంపు ఎత్తు పెరిగితే బయటి తోపు తగ్గుతుంది.

బీజాపూర్‌లో ముహమ్మద్ ఆదిల్ షా (మరణం 1656) సమాధి గోల్ గుంబజ్ ఇదే చిక్కును వేరే దారిలో ఎదుర్కొంది. లోపలి గది భుజం సుమారు 135 అడుగులు. ఒకదానిపై ఒకటి 45 డిగ్రీలు తిప్పి ఉంచిన రెండు చతురస్రాల భుజాల వెంట ఎనిమిది కమానులు పరస్పరం ఖండించుకుంటూ లేస్తాయి. వాటి నడుమ పెండెంటివ్‌లు లోపలికి వంగుతూ పైభాగాన్ని సుమారు 97 అడుగుల ద్వారంగా కుదిస్తాయి. గుమ్మటం మాత్రం ఆ ద్వారపు అంచున కూర్చోలేదు. దాని లోపలి వ్యాసం సుమారు 124 అడుగులు. అంటే గుమ్మటపు పాదం అంచు కంటే అన్ని వైపులా దాదాపు 13 అడుగులు వెనుకకు జరిగి ఉంది. సందర్శకులు గుసగుసలు వినడానికి నడిచే వసారా ఆ మిగులు భాగంలోనిదే!

ఈ మిగులు వృథా కాదని జేమ్స్ ఫెర్గూసన్ 19వ శతాబ్దంలోనే గుర్తించాడు. లోపలికి వేలాడే రాతికట్టు బరువు, గుమ్మటం బయటికి తోసే బలానికి ఎదురు తూకంగా పనిచేస్తుందని ఆయన వాదన. వాదన సరైనదే గాని చాలదు. లోపలి బరువు తోపును తగ్గించగలదు గాని, గుమ్మటపు నిలువు భారాన్ని మోయలేదు. ఆ భారాన్ని నాలుగు మూలలకే వదలకుండా గోడల పొడవునా పంచేది పరస్పరం ఖండించుకునే కమానుల అల్లికే. తోపు అదుపు తప్పితే గుమ్మటపు పాదం వెడల్పై, అక్కడి నుండి పైకి నిలువు పగుళ్లు సాగుతాయి. ఇటువంటి కట్టడాల పరిశీలకులు మొదట చూడవలసిన చోటు అదే.