విరామ పరుగు ప్రణాళిక (800 మీటర్లు, పాఠశాల స్థాయి)

పోటీ వేగాన్ని ముక్కలుగా, మధ్యలో విరామమిస్తూ అలవాటు చేసే ఆరు వారాల శిక్షణ. ఇది వారానికి రెండు రోజులు చాలు. 800 మీటర్లను 2 నిమిషాల 24 సెకన్లలో ముగించే విద్యార్థికి ప్రతి 200 మీటర్లకు 36 సెకన్లు పడుతుంది. మొదటి రెండు వారాలు అదే వేగంతో 200 మీటర్లు ఆరుసార్లు, నడుమ రెండేసి నిమిషాల నడక. తర్వాతి రెండు వారాలు 54 సెకన్లలో 300 మీటర్లు నాలుగుసార్లు, నాలుగేసి నిమిషాల విరామంతో. ఐదో వారం 90 సెకన్లలో 500 మీటర్లు రెండుసార్లు. పోటీ ఉన్న ఆరో వారం మూడు 200లు మించకూడదు.

పిల్లలు మొదటి 200ను 32 సెకన్లలో లాగేసి చివర్లో చతికిలబడటం మామూలే. ఏ పరుగులోనైనా అనుకున్న సమయానికి రెండు సెకన్లు వెనకబడితే ఆ పూటకు ఆపేయాలి. అండమాన్ ఉక్కలో చెమట ఆరక ఒంటివేడి దిగదు. అందుకే పూర్వపు పోర్ట్ బ్లెయిర్ అయిన శ్రీ విజయపురంలో తెల్లవారే ఐదింటికే మొదలుపెట్టి, వేగం తగ్గించకుండా విరామం పెంచడం మేలు.