రాబడి లేని రెండు పనుల్లో ఏది చవక? ఖర్చుల ప్రస్తుత విలువ లెక్క

సంఘ భవనానికి కప్పు వేయడం, బోరు తవ్వించడం, గ్రంథాలయానికి బీరువాలు కొనడం వంటి పనుల వల్ల పైసా రాబడి రాదు. అందుకే "ఏది ఎక్కువ లాభం?" అనే ప్రశ్న ఇక్కడ పనికిరాదు. ఎలాగూ చేయాల్సిన పనే గనుక, రెండు మార్గాల్లో ఏది మొత్తం మీద తక్కువ ఖర్చుతో ఆ పని నడిపిస్తుందో చూడాలి. దీనికి వాడే పద్ధతి పేరు ఖర్చుల ప్రస్తుత విలువ. ఒక్కో మార్గంలో ఇప్పుడూ, ముందు ముందూ పెట్టవలసిన ఖర్చులన్నిటినీ ఈనాటి రూపాయల్లోకి మార్చి కూడతాం. ఏ మొత్తం తక్కువగా ఉంటే దాన్ని ఎంచుకుంటాం.

ముందు ఒక షరతు. రెండు మార్గాలూ ఒకే పని చేయాలి. ఒకటి నూరు మందికి నీడనిచ్చి, రెండోది రెండు వందల మందికి ఇస్తే, లేదా ఒకదానిపై రేపు మేడ వేసుకోవచ్చనుకుంటే, ఖర్చు ఒక్కటే చూసి తేల్చలేం.

ఉదాహరణకు, సముద్ర తీరానికి దగ్గరి ఊళ్లో ఒక తెలుగు సంఘం హాలు అనుకుందాం. పాత కప్పు తీసేయాలి. మొదటి మార్గం రేకుల కప్పు. ఇప్పుడు 3,00,000 రూపాయలు, ఏటా రంగు, మరమ్మతులకు 8,000. ఉప్పుగాలికి 10 ఏళ్లకు రేకులతో పాటు కింది ఇనుప కమ్ములు కూడా మార్చాలి, అంటే ఈనాటి ధరల్లో మళ్లీ 3,00,000. రెండో మార్గం కాంక్రీటు శ్లాబు. ఇప్పుడు 5,50,000, ఏటా 3,000. దీనిని 20 ఏళ్లకు లెక్క వేద్దాం. ఇవి లెక్క చూపడానికి వేసుకున్న అంకెలు. మీ ఊరి మేస్త్రి ఇచ్చిన అంచనా వేరుగా ఉంటుంది.

కమిటీ సమావేశంలో సాధారణంగా వినపడేది "మూడు లక్షలకే అయిపోతుంటే ఐదున్నర దేనికి?" అనే మాట. ఆ మాటలో లోపం, ముందు ఏళ్ల ఖర్చు లెక్కలోకి రాకపోవడం. పదో ఏట వచ్చే మూడు లక్షలు ఇప్పటి కమిటీ చెల్లించదు, కాబట్టి ఆ ఖర్చు ఎవరికీ కనబడదు.

ఇక పదేళ్ల తరువాతి రూపాయిని ఈనాటికి ఎలా తెస్తాం? పదో ఏట 3,00,000 కావాలంటే ఈరోజే అంతా పక్కన పెట్టనవసరం లేదు. బ్యాంకులో వేస్తే వడ్డీతో పెరుగుతుంది కదా. ఈరోజు ఎంత వేస్తే అప్పటికి మూడు లక్షలు అవుతుందో, అదే ఆ ఖర్చు ప్రస్తుత విలువ. దానికోసం వాడే వడ్డీని డిస్కౌంట్ రేటు అంటారు. సంఘాలకైతే తమ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీయే దగ్గరి కొలత, ఎందుకంటే కప్పుకు పెట్టని డబ్బు అక్కడే ఉంటుంది.

డిపాజిట్ వడ్డీ 7 శాతం అనుకుని రేకుల లెక్క వేస్తే, ఇప్పటి 3,00,000కి పదో ఏట ఖర్చు విలువగా 1,52,500, ఏటేటా మరమ్మతుల విలువగా 84,750 కలుస్తాయి. మొత్తం 5,37,250. శ్లాబుకు 5,50,000తో మరమ్మతులు 31,780 కలిపి 5,81,780. రేకులు 44,500 చవక. చాలా మంది ఇక్కడ కాగితం మూసేస్తారు.

కానీ ఈ లెక్కలో పెద్ద తప్పు దాగి ఉంది. పదో ఏట ఖర్చును ఈనాటి ధరల్లో 3,00,000 అని రాసుకున్నాం. ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఆ రోజు బిల్లు దాదాపు 4,88,700 అవుతుంది. వడ్డీ 7 శాతంలో మాత్రం ధరల పెరుగుదల కూడా కలిసే ఉంది. అంటే ఖర్చును పెరగని ధరలో పెట్టి, పెరిగిన వడ్డీతో తగ్గించాం. దూరపు ఖర్చు కావలసిన దానికంటే చిన్నదిగా కనబడుతుంది.

దీనిని రెండు రకాలుగా సరిచేయవచ్చు. ముందు ఏళ్ల ఖర్చులన్నిటినీ పెరిగిన ధరల్లో రాసి 7 శాతంతో తగ్గించవచ్చు. లేదా ఖర్చులను ఈనాటి ధరల్లోనే ఉంచి, వడ్డీ నుంచి ధరల పెరుగుదలను తీసేసిన అసలు రేటు వాడవచ్చు. రెండూ ఒకే జవాబు ఇస్తాయి. రెండోది సులువు. 1.07ను 1.05తో భాగిస్తే 1.019 వస్తుంది, అంటే సుమారు 2 శాతం.

2 శాతంతో మళ్లీ వేద్దాం. రేకులకు 3,00,000తో 2,46,100, ఆపై 1,30,800 కలిపి 6,76,900. శ్లాబుకు 5,50,000తో 49,050 కలిపి 5,99,050. ఇప్పుడు శ్లాబు దాదాపు 78,000 చవక. ఒక్క రేటు మారితే తీర్పే తిరగబడింది. రెండు మార్గాలూ సమానమయ్యే రేటు 4.85 శాతం దగ్గర ఉంది. అసలు వడ్డీ అంతకంటే తక్కువని నమ్మితే శ్లాబు, ఎక్కువైతే రేకులు. నా మటుకు కమిటీకి చూపవలసిన అంకె ఇదే. రెండు మొత్తాల కంటే దీనితోనే చర్చ తేలుతుంది.

రెండో ప్రమాదం ఆయుష్షు. రేకులకు 10 ఏళ్లు, శ్లాబుకు 20 ఏళ్లు లెక్క వేసి పక్కపక్కన పెడితే రేకులు 3,71,860గా, శ్లాబు 5,99,050గా కనబడతాయి. అది న్యాయమైన పోలిక కాదు. రెంటినీ ఒకే కాలానికి, ఇక్కడ 20 ఏళ్లకు, తేవాలి. లేదా ఒక్కో మొత్తాన్ని ఏటా సమానమైన వాయిదాగా పరచాలి. 2 శాతంతో రేకులకు ఏడాదికి 41,400, శ్లాబుకు 36,640 పడుతుంది. తీర్పు పైదే.

శ్లాబు 20 ఏళ్లు దాటి నిలిస్తే ఆ మిగులు విలువను ఖర్చులోంచి తీసివేయాలి. ఇక్కడ దానిని సున్నాగా పెట్టాం కాబట్టి లెక్క శ్లాబుకు కొంచెం కఠినంగానే ఉంది. అలాగే ఇప్పటికే ప్లానుకు ఇచ్చేసిన ఫీజు, రెండు మార్గాల్లోనూ ఒకేలా వచ్చే సున్నం ఖర్చు ఈ పోలికలోకి రానక్కరలేదు.

కంప్యూటరులో ఎక్సెల్ తెలిసినవారికి రేకుల లెక్క ఇంతే:

```
=300000 + 300000/1.02^10 + PV(0.02,20,-8000)
```

మరమ్మతు ఖర్చు ముందు మైనస్ గుర్తు మరవకూడదు. అది లేకపోతే ఎక్సెల్ ఆ విలువను కలపకుండా తీసివేస్తుంది.

చివరగా స్థలం సంగతి. పరాయి రాష్ట్రాల్లో మన సంఘాల భవనాలు కొన్ని లీజు నేలపైనే ఉంటాయి. లీజు పదేళ్లే మిగిలి, పొడిగిస్తారన్న నమ్మకం లేకపోతే 20 ఏళ్ల లెక్క అక్కడ చెల్లదు. పదేళ్లకే వేస్తే రేకులు 3,71,860, శ్లాబు 5,76,950; పదో ఏట వదిలేసి పోయే శ్లాబుకు మనకు విలువ లేదు. అందుకని రేటు కంటే ముందు లీజు పత్రంలోని గడువు తేదీ చూసి, దాన్నే లెక్క కాలంగా రాసుకోవాలి.